అద్దెకున్న మనిషి పోతే... ఆ ఇంట్లో, ఆ కొట్టులో ఉండే హక్కు ఎవరిది?

మీ ఇంటి అద్దె రసీదు ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశారా? దాని మీద ఎవరి పేరుంది? నూటికి తొంభై ఇళ్లలో మీ వారి పేరో, మామగారి పేరో ఉంటుంది. కిరాయికి తీసుకున్న కొట్టు అయితే చెప్పనే అక్కర్లేదు. ఆ పేరు గల మనిషి ఉన్నన్నాళ్లూ ఆ రసీదు గురించి ఎవరూ ఆలోచించరు. ఆయన కాలం చేశాక, పదకొండో రోజు కూడా దాటకముందే ఇంటి యజమాని వచ్చి గుమ్మంలో నిలబడి, "అమ్మా, అద్దె మీ ఆయన పేరిట ఉంది. ఆయనే లేరు. ఇక మీరు ఖాళీ చేస్తే బాగుంటుంది" అంటాడు. దుఃఖంలో ఉన్న ఇల్లాలు నిజమే కాబోలనుకుని సామాను సర్దుకోవడం మొదలుపెడుతుంది.

అది నిజం కాదు. అద్దెదారు చనిపోయినంత మాత్రాన అద్దె హక్కు ఆయనతో పాటు పోదు. ఆ హక్కు ఎవరికి వస్తుందన్నది మాత్రం ఇంటికి ఒక రకంగా, కొట్టుకు మరో రకంగా ఉంటుంది. ఈ తేడా తెలిస్తే సగం గండం గడిచినట్టే.

ఇంటికి: కలిసి ఉన్నవారిదే హక్కు

ముందు తెలంగాణ సంగతి చూద్దాం. హైదరాబాదు, వరంగల్లు వంటి ఊళ్లలో పాత అద్దె ఇళ్లకు ఇప్పటికీ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన చట్టమే అది. అద్దెదారు అంటే ఎవరో ఆ చట్టమే చెప్పింది. అద్దె కట్టవలసిన మనిషి ఒక్కడే కాదు, అతను చనిపోతే అతని భార్య లేక భర్త, కొడుకు, కూతురు కూడా అద్దెదారులే. అయితే వారు చనిపోయిన రోజు వరకూ ఆయనతో కలిసి ఆ ఇంట్లోనే కుటుంబ సభ్యులుగా ఉంటూ ఉండాలి.

ఈ షరతు చాలా ముఖ్యం. బెంగుళూరులో వేరు కాపురం పెట్టుకున్న పెద్దకొడుకు తండ్రి పోయాక తిరిగి వచ్చి, "ఈ ఇంటి అద్దె హక్కు నాది" అంటే ఈ మాట కింద చెల్లదు. అత్తవారింట ఉన్న ఆడపిల్లకూ అంతే. కానీ పెళ్లయిన కూతురైనా, భర్తను పోగొట్టుకునో, విడిపోయో పుట్టింటికొచ్చి తండ్రితోనే ఉంటుంటే ఆమెను పక్కన పెట్టడానికి వీల్లేదు. చట్టం కూతురు అన్నదే గాని పెళ్లికాని కూతురు అనలేదు.

ఇక ఆ వరసలో లేనివాళ్లెవరో కూడా చూడండి. తల్లిదండ్రుల పేరు లేదు, అన్నదమ్ముల పేరు లేదు, కోడలి పేరూ లేదు. కొడుకు పేరిట అద్దె ఉండి, కొడుకు పోతే, కోడలు అద్దెదారు అవుతుంది. ముసలి అత్తగారు ఆ కోడలి ఇంటి మనిషిగా ఉండవచ్చు. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చిక్కల్లా ఎక్కడంటే, అద్దె మామగారి పేరిట ఉండి, కొడుకు ముందే పోయి, తరువాత మామగారూ పోయిన ఇంట్లో. ఆ విధవ కోడలు ఇరవై ఏళ్లుగా అదే వంటింట్లో ఉన్నా ఈ నిర్వచనంలో ఆమె మాట లేదు. ఆమె పిల్లల మాటా లేదు. ఢిల్లీలో 1976లో చట్టాన్ని సవరించినప్పుడు భార్యా భర్తా, పిల్లలు, తల్లిదండ్రులు, ఆ తరువాత చనిపోయిన కొడుకు భార్య అని వరసగా చేర్చారు. మన దగ్గర అలా చేర్చలేదు. కాబట్టి అలాంటి ఇంట్లో ఉన్న కోడలు మామగారు ఆరోగ్యంగా ఉండగానే అద్దె అగ్రిమెంటులో తన పేరు కూడా రాయించుకోవడం ఒక్కటే గట్టి దారి.

కొట్టుకు: వారసులదే హక్కు

కొట్టులో ఎవరూ కాపురం ఉండరు కదా! మరి కలిసి ఉన్నవారు అనే మాట దానికెలా వర్తిస్తుంది? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఢిల్లీలో ఒకాయన కొట్టు అద్దెకు తీసుకున్నాడు. యజమాని నోటీసు ఇచ్చి అద్దె ఒప్పందం రద్దు చేసి, ఖాళీ చేయించమని కేసు వేశాడు. కేసు నడుస్తుండగానే అద్దెదారు చనిపోయాడు. ఆయన భార్య గ్యాన్‌దేవి ఆనంద్ కేసు కొనసాగించింది. ఒప్పందం రద్దయ్యాక మిగిలింది చట్టం ఇచ్చిన రక్షణ మాత్రమేననీ, అది ఆయనతోనే పోయిందనీ, భార్యకు వచ్చేదేమీ లేదనీ యజమాని వాదన.

1985లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదనను ఒప్పుకోలేదు. చట్టం వేరుగా చెప్పనంతవరకూ, ఒప్పందం గడువు తీరిపోయి చట్టం రక్షణలో ఉన్న అద్దెదారు హక్కు కూడా వారసులకు వస్తుందని తేల్చింది. కొట్టు విషయంలో మామూలు వారసత్వ చట్టమే వర్తిస్తుందని చెప్పింది. కొట్టు మీద బతికే కుటుంబానికి పెద్దదిక్కు పోగానే జీవనాధారం కూడా ఊడిపోతే వాళ్లు రోడ్డున పడతారన్నది ఆ తీర్పు వెనుక ఉన్న ఆలోచన.

కాబట్టి హిందూ కుటుంబంలో మగమనిషి పేరిట కొట్టు అద్దె ఉంటే, వీలునామా లేనప్పుడు ఆస్తికి ఎవరు మొదటి వరస వారసులో ఈ హక్కుకూ వాళ్లే. అంటే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి. పెళ్లయి వెళ్లిన కూతురూ ఇక్కడ వారసురాలే. ముందే చనిపోయిన కొడుకు భార్యా, ఆ కొడుకు పిల్లలూ కూడా ఆ వరసలోనే ఉన్నారు. చూశారా, ఇంటి విషయంలో పేరు లేని కోడలికి కొట్టు విషయంలో భాగం ఉంది! ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వారి వారి వారసత్వ నియమాలను బట్టి చూడాలి.

మరిదిగారు, మేనల్లుడు ఈ వరసలో లేరు. భర్త ఉన్నప్పుడు కొట్టులో కూర్చుని సాయం చేసినంత మాత్రాన వాళ్లకు హక్కు రాదు. "నా కొట్టు అద్దె హక్కు మేనల్లుడికి" అని వీలునామాలో రాసిపెట్టినా కష్టమే. బొంబాయి అద్దె చట్టం కింద అలాంటి వీలునామాలు చెల్లవని సుప్రీంకోర్టు 1986లోనూ, 1994లోనూ చెప్పింది.

వారసులు నలుగురున్నా అద్దె హక్కు మాత్రం ఒక్కటే. దాన్ని గోడలు పెట్టి పంచుకోలేరు. అందరూ కలిసి ఒకే అద్దెదారు కింద లెక్క. ఒకరు కట్టిన అద్దె అందరి తరఫునా కట్టినట్టే. అలాగే యజమాని ఒకరికి ఇచ్చిన నోటీసు అందరికీ ఇచ్చినట్టేనని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. కొట్టు నడిపే వారసుడి మీద వచ్చిన ఖాళీ ఉత్తర్వు మిగతావారినీ కట్టేస్తుందని 2018లో మరోసారి చెప్పింది. అందుకే కొట్టుకు నోటీసు వస్తే, "నా పేరున కాదుగా, తమ్ముడి పేరున వచ్చింది" అని ఊరుకోకండి.

ఒక కుటుంబం లెక్క చూద్దాం

సికింద్రాబాదులో ఒక కుటుంబం ఉందనుకోండి. ఇంటి పోర్షన్ అద్దె నెలకు 1,800 రూపాయలు. దగ్గరలోనే ఫ్యాన్సీ కొట్టు, దాని అద్దె 3,000. ఎన్నో ఏళ్లుగా సాగుతున్న పాత అద్దెలు. రెండూ ఇంటాయన పేరిటే. రాతపూర్వకంగా అగ్రిమెంటు లేదు, నెలనెలా రసీదులున్నాయి. జూన్ 12న ఆయన పోయాడు. ఇంట్లో భార్య, చదువుకుంటున్న చిన్నకొడుకు, ఆయన తల్లి ఉన్నారు. పెద్దకొడుకు బెంగుళూరులో, కూతురు వరంగల్లులో అత్తవారింట ఉన్నారు. కొట్టులో తమ్ముడు సాయం ఉండేవాడు.

ఇంటికి అద్దెదారులు ఎవరు? కలిసి ఉన్న భార్య, చిన్నకొడుకు. అత్తగారు వాళ్లతోనే ఉంటారు. కొట్టుకు ఎవరు? భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు, తల్లి, అయిదుగురూ. తమ్ముడు కాదు.

జూన్ 25న ఆమె మే నెల అద్దె ఇవ్వబోతే యజమాని తీసుకోలేదు. "మీ దగ్గర తీసుకుంటే మిమ్మల్ని అద్దెదారుగా ఒప్పుకున్నట్టవుతుంది, వద్దమ్మా" అన్నాడు. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆయనే వద్దన్నాడు కదా, మన తప్పేముంది అని ఊరుకుంటారు. ఆరు నెలలు తిరిగేసరికి అద్దె ఎగ్గొట్టారని కేసు పడుతుంది. అగ్రిమెంటులో గడువు లేనప్పుడు ఒక నెల అద్దె ఆ మరుసటి నెల ఆఖరి రోజులోగా చెల్లించాలి. అంటే మే అద్దెకు జూన్ 30, జూన్ అద్దెకు జూలై 31 ఆఖరు.

యజమాని అద్దె తీసుకోకపోతే ఏం చేయాలో ఆ చట్టంలోనే ఉంది. ముందు ఆయనకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, అద్దె వేయడానికి ఊళ్లో ఏదైనా బ్యాంకు పేరు పది రోజుల్లోగా చెప్పమనాలి. చెబితే నెలనెలా అక్కడ వేయాలి. చెప్పకపోతే మనియార్డరు ఖర్చు మినహాయించుకుని అద్దెను మనియార్డరు చేయాలి. అదీ తిప్పి పంపితే రెంట్ కంట్రోలరు దగ్గర జమ చేయాలి. హైదరాబాదులో రెంట్ కంట్రోలర్లు సిటీ స్మాల్ కాజెస్ కోర్టులో ఉంటారు. చట్టం చెప్పిన ఈ వరసను మెట్టు తప్పకుండా పాటించడం క్షేమం.

మనం అనుకున్న ఇల్లాలు జూన్ 25నే నోటీసు పంపింది. 27న అందింది. పది రోజులు చూసినా జవాబు లేదు. జూలై 8న మే, జూన్ రెండు నెలల అద్దె, ఇంటికీ కొట్టుకూ కలిపి 9,600 రూపాయలు, ఖర్చు మినహాయించి పంపింది. మే అద్దె వారం రోజులు ఆలస్యమైందని యజమాని కేసు వేసినా, ఆమె దగ్గర నోటీసు నకలు, అందిన సంతకం, మనియార్డరు రసీదు ఉన్నాయి. కావాలని ఎగ్గొట్టిన బాకీ కాదని కంట్రోలరు నమ్మితే, బాకీ ఏమైనా మిగిలితే 15 రోజులకు మించకుండా గడువిచ్చి, కట్టాక కేసు కొట్టేయవచ్చు. కావాలనే ఎగ్గొట్టారని తేలితే మాత్రం ఖాళీ చేయవలసిందే.

ఉత్తరం ఎలా రాయాలి?

పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. ఇంటికీ కొట్టుకూ విడివిడిగా రాయండి. ఇంటికయితే ఇలా రాస్తే చాలు.

"అయ్యా, మీ ఇంట్లో ఫలానా పోర్షన్‌లో అద్దెకుంటున్న నా భర్త జూన్ 12న మరణించారు. నేనూ నా చిన్నకొడుకూ ఆయనతో కలిసి ఆ రోజు వరకూ ఇదే ఇంట్లో ఉన్నాము, ఇప్పుడూ ఉంటున్నాము. పాత అద్దె, పాత షరతుల మీదనే అద్దెదారులుగా కొనసాగుతున్నాము. మే నెల అద్దె 1,800 రూపాయలు జూన్ 25న ఇవ్వగా మీరు తీసుకోలేదు. అద్దె జమ చేయడానికి బ్యాంకు పేరు పది రోజుల్లో తెలియజేయగలరు. మీ దగ్గర నా భర్త ఉంచిన అడ్వాన్సు అలాగే ఉన్నట్టు దయచేసి రాతలో తెలపండి."

కొట్టు ఉత్తరంలో వారసులందరి పేర్లూ రాసి, అందరి తరఫునా ఫలానావారు వ్యాపారం చూసుకుంటారని చెప్పండి. నకలు దగ్గర పెట్టుకుని, అందినట్టు సంతకం వచ్చే విధంగా పోస్టులో పంపండి.

దీనితోపాటు కొన్ని కాగితాలు ఒక సంచిలో పెట్టుకోండి. మున్సిపాలిటీ ఇచ్చే మరణ ధ్రువపత్రం మొదటిది. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. రెండోది, మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. మూడోది, మీరు అదే ఇంట్లో కలిసి ఉన్నారని చూపించేవి. రేషన్ కార్డు, ఓటరు జాబితాలో పేరు, గ్యాసు పుస్తకం, పిల్లల బడి కాగితాలు, అన్నింటి మీదా ఆ ఇంటి చిరునామా ఉండాలి. పాత అద్దె రసీదులు ఒక్కటి కూడా పారేయకండి.

కొట్టులో మరిదిగారు కూర్చుంటే

కొట్టు చూసుకునే ఓపిక ఆమెకు లేదు. పాపం మరిదిగారు, "వదినా, నేనున్నాగా, నేను నడుపుతాలే" అన్నాడు. సాయానికి తప్పు లేదు. అయితే లైసెన్సు ఆయన పేరిట, బ్యాంకు ఖాతా ఆయనదే, లాభం ఆయనదే, ఆమెకు నెలకింత ఇస్తాడు అన్న ఏర్పాటు చేసుకుంటే అక్కడే చిక్కు. తన అనుమతి లేకుండా కొట్టును ఇంకొకరికి మళ్లీ అద్దెకిచ్చారని యజమాని కేసు వేస్తాడు. ఖాళీ చేయించడానికి అదొక బలమైన కారణం. వ్యాపారం వారసుల్లో ఒకరి పేరిట ఉండాలి. జీఎస్టీ నంబరు చనిపోయిన మనిషి పేరిట నడవదు కాబట్టి కొత్తది కూడా వారసుల పేరిటే తీసుకోవాలి. మరిదిగారు జీతానికి సాయం చేస్తున్నారని లెక్కల్లో కనిపించాలి.

కొట్టు కొన్ని నెలలపాటు మూసి పెట్టడం కూడా మంచిది కాదు. సరైన కారణం లేకుండా వరసగా నాలుగు నెలలు వాడకపోతే అదీ ఆ చట్టం కింద యజమానికి ఒక ఆయుధమే.

కొత్త అగ్రిమెంటు కాగితం తెచ్చినప్పుడు

యజమాని మెత్తగా, "పేరు మార్చాలి కదమ్మా, ఇదిగో పదకొండు నెలల కాగితం, సంతకం పెట్టండి" అనవచ్చు. పేరు మార్పే అయితే రసీదు మీద మారిస్తే చాలు. పదకొండు నెలల కొత్త అగ్రిమెంటు మీద సంతకం పెట్టారంటే పాత అద్దె హక్కును మీరే వదులుకుని కొత్తగా చేరినట్టు లెక్క వేసే అవకాశం ఉంది. పాత అద్దె, పాత తేదీ, భర్త స్థానంలో కొనసాగింపు అన్న మాటలు లేని కాగితం మీద వకీలుకు చూపించనిదే సంతకం చేయకండి. బెంగుళూరులో ఉన్న పెద్దబ్బాయికి కూడా ఈ మాట ఫోనులో చెప్పి ఉంచండి. కొట్టు ఖాళీ చేస్తామని వారసుల్లో ఒక్కరు రాసిచ్చినా, మిగతావారు కోర్టు చుట్టూ తిరిగి తమ హక్కు నిలబెట్టుకోవలసి వస్తుంది.

అద్దె ఎక్కువైతే?

"మా ఇంటికి పన్నెండు వేలు అద్దె. మాకూ ఇదే వర్తిస్తుందా?" అని మీరు అడగవచ్చు. ఈ అద్దె నియంత్రణ చట్టం అన్ని ఇళ్లకూ వర్తించదు. 2005 సవరణ ప్రకారం కార్పొరేషన్ ఊళ్లలో 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలకు మించిన అద్దెలు దాని బయటే. కొత్తగా కట్టిన భవనాలకు కొన్నేళ్లపాటు మినహాయింపు ఉంది, ప్రభుత్వ భవనాలకూ ఉంది. అలాంటి ఇళ్లకు మామూలు ఆస్తి బదిలీ చట్టం.

ఆ చట్టం కింద కూడా అద్దె హక్కు వారసులకు వస్తుంది. అయితే అది ఎక్కువ కాలం నిలవకపోవచ్చు. అగ్రిమెంటులో ఇంకా ఎనిమిది నెలలుంటే ఆ ఎనిమిది నెలలూ మీవి. నెలవారీ అద్దె అయితే యజమాని 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. ఆ తరువాత కూడా ఆయన సివిల్ కోర్టుకు వెళ్లాల్సిందే గాని తాళం వేయడం, నీళ్లు, కరెంటు ఆపడం కుదరదు. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలోనూ మిగిలిన గడువు వారసులదే అని ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పాత 1960 చట్టం స్థానంలో 2017 నాటి కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం అద్దె ఒప్పందం రాతలో ఉండాలి. కాబట్టి విజయవాడ, విశాఖ ఆడపడుచులు ముందుగా బీరువాలోంచి ఆ అగ్రిమెంటు తీసి గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోవాలి.

ఒక సంగతి మరిచిపోవద్దు. భర్త స్థానంలోకి వచ్చిన భార్యకు భర్తకున్న హక్కులే వస్తాయి, అంతకన్న ఎక్కువ రావు. ఆయన బాకీ పెట్టిన అద్దె ఆమె కట్టాలి. యజమానికి నిజంగా తన ఇల్లు తనకు అవసరమైతే ఆమె మీద కూడా కేసు వేయవచ్చు. ఆయన బతికుండగా మొదలైన కేసు ఆయనతో ఆగిపోదు. కోర్టు వాయిదా ఉంటే మరణ వార్త వెంటనే వకీలుకు చెప్పండి. ఫీజు కట్టే స్తోమత లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.

ఈ చిక్కులన్నీ రాకుండా ఉండాలంటే అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు అద్దెదారుల చోట భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయించండి. అలా రాసి ఉంటే ఒకరు పోయినా రెండోవారు మొదటినుంచీ అద్దెదారే. ఎవరి తరువాత ఎవరన్న ప్రశ్నే పుట్టదు. ఈసారి అగ్రిమెంటు రాసే రోజున మీ వారి పక్కనే కూర్చుని, "నా పేరు కూడా రాయించండి" అనండి.